ముందు ఏ రెండు ఇచ్చారో చూడాలి: స్టీమ్ టేబుల్స్ పాఠం లెక్కల షీటు అయ్యే తీరు

ఒక కిలో ఆవిరి 2 బార్ పీడనం దగ్గర అర ఘనపు మీటరు చోటు ఆక్రమించి ఉంది. దాని ఉష్ణోగ్రత ఎంత, ఎంథాల్పీ ఎంత? మెకానికల్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం థర్మోడైనమిక్స్‌లో ఈ తరహా ప్రశ్న మామూలే. కష్టమైనదీ కాదు. స్టీమ్ టేబుల్స్ పుస్తకం చేతిలోనే ఉంటుంది, జవాబుకు కావలసిన అంకెలన్నీ అందులోనే ఉంటాయి. అయినా క్లాసులో పాఠం చక్కగా అర్థమైన కుర్రాడు కూడా పుస్తకం తెరిచి, ఏ పేజీకి వెళ్లాలో తోచక ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఉండిపోతాడు.

లోపం కుర్రాడిలో కన్నా నోట్సు వరుసలో ఎక్కువ ఉంది. లెక్చరర్ పాఠం చెప్పేది నీటి వైపు నుంచి: చల్లటి నీళ్లు వేడెక్కాయి, మరిగాయి, ఆవిరయ్యాయి, ఆ ఆవిరి ఇంకా వేడెక్కింది. ప్రశ్న వచ్చేది అంకెల వైపు నుంచి: పీడనం ఇంత, ఘనపరిమాణం ఇంత, మిగతావి కనుక్కో. నీళ్లా, ఆవిరా, రెండూ కలిసి ఉన్నాయా అన్న సంగతి ప్రశ్న చెప్పదు. నోట్సులో మొదటి మెట్టుగా ఉన్నదే లెక్కలో తేలాల్సిన విషయం. అందుకే ఆ గంట పాఠాన్ని కుదించి రాసుకుంటే లాభం లేదు, తిరగేసి రాసుకోవాలి. అలా తిరగేసిన కాగితమే లెక్కల షీటు. ఒక ఠావుకు అటూ ఇటూ సరిపోతుంది.

ముందు ఆ గంటలో లెక్చరర్ ఏం చెబుతారో చూద్దాం. పిస్టన్ ఉన్న సిలిండర్‌లో నీళ్లు పోసి, పీడనం మారకుండా వేడి చేస్తున్నారనుకుందాం. ఉష్ణోగ్రత పెరుగుతూ పోయి ఒకచోట ఆగుతుంది. అది మరిగే ఉష్ణోగ్రత, శాచురేషన్ టెంపరేచర్. నీళ్లన్నీ ఆవిరయ్యేదాకా ఎంత వేడి ఇచ్చినా అది కదలదు. చివరి చుక్క కూడా ఆవిరయ్యాకే మళ్లీ పెరగడం మొదలవుతుంది. ఆ తర్వాతి ఆవిరిని సూపర్ హీటెడ్ అంటారు. మరగడానికి ముందున్న నీటిని కంప్రెస్డ్ లిక్విడ్ అనో సబ్ కూల్డ్ అనో అంటారు. మధ్యలో నీరూ ఆవిరీ కలిసి ఉన్నది తడి ఆవిరి, వెట్ స్టీమ్.

ఆ ఆగే ఉష్ణోగ్రతను నిర్ణయించేది పీడనం. వంటింటి ప్రెషర్ కుక్కర్ వెయిట్ లేచేసరికి లోపల బయటి గాలి కన్నా సుమారు ఒక బార్ ఎక్కువ పీడనం ఉంటుంది, అంటే మొత్తం 2 బార్. పట్టికలో 2 బార్ వరుస చూస్తే 120.21 డిగ్రీలు కనిపిస్తుంది. మామూలు గిన్నెలో నూరు డిగ్రీల దగ్గర గంటసేపు ఉడికే పప్పు కుక్కర్లో అంత త్వరగా మెత్తబడేది ఆ ఇరవై డిగ్రీల వల్లే.

పట్టికలో ప్రతి పీడనానికీ రెండు కొసలు రాసి ఉంటాయి. మరగడం మొదలైనప్పటి నీటికి f గుర్తు, పూర్తిగా ఆవిరైన క్షణానికి g గుర్తు. 2 బార్ దగ్గర కిలో నీరు ఆక్రమించే చోటు, అంటే స్పెసిఫిక్ వాల్యూమ్, 0.001061 ఘనపు మీటర్లు. అదే నీరు పూర్తిగా ఆవిరైతే 0.88578. ఎనిమిది వందల రెట్లకు పైగా తేడా. ఎంథాల్పీ, అంటే ప్రవాహంలో లెక్కకు వచ్చే శక్తి, 504.71 కిలోజౌళ్ల నుంచి 2706.3కు చేరుతుంది. ఈ రెండిటి తేడా 2201.6 కిలోజౌళ్లు. అది fg గుర్తుతో మరో వరసలో ఉంటుంది.

పాఠం మొత్తం ఇంతే. ఇక తిరగేయడం.

నోట్సును ఒక పెన్సిల్‌తో మళ్లీ చదవాలి. ప్రతి వాక్యం మూడు రకాల్లో ఏదో ఒకటవుతుంది. కొన్ని నిర్వచనాలు: డ్రైనెస్ ఫ్రాక్షన్ అంటే ఇది, క్రిటికల్ పాయింట్ అంటే అది. కొన్ని షరతులు: ఉష్ణోగ్రత శాచురేషన్ కన్నా ఎక్కువైతే సూపర్ హీటెడ్, తక్కువైతే నీరు. మిగిలినవి లెక్చరర్ బోర్డు తుడుస్తూ అనేసే మాటలు: గేజ్ పీడనానికి గాలి పీడనం కలపడం మరచిపోవద్దు, x ద్రవ్యరాశిలో వంతే గానీ ఘనపరిమాణంలో వంతు కాదు. నిర్వచనాలు నోట్సులోనే ఉండనివ్వాలి, షీటులో వాటికి పని లేదు. షరతులు షీటుకు వెన్నెముక. బోర్డు తుడుస్తూ అన్న మాటలను మాత్రం ఒక్కటీ వదలకూడదు. పరీక్షలో మార్కులు పోయేది ఎక్కువగా వాటి దగ్గరే. చాలామంది నోట్సులో లేనివీ అవే.

తర్వాత, షరతులను ఇచ్చిన జతను బట్టి పేర్చాలి. సాధారణ పదార్థం స్థితి తేలాలంటే ఒకదానిపై ఒకటి ఆధారపడని రెండు విలువలు కావాలి. కాబట్టి షీటులో మొదటి ప్రశ్న ‘ఏ స్థితి’ కాదు, ‘ఏ రెండు ఇచ్చారు’. జతలు లెక్కకు చాలా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, పని జరిగే తీరు చూస్తే మూడు గుంపుల్లో సర్దుకుంటాయి.

```
1. P, T ఇచ్చారు      : T ని Tsat తో పోల్చు
2. P లేదా T, x ఇచ్చారు : తడి ఆవిరే. y = yf + x·yfg
3. P లేదా T, y ఇచ్చారు : y ని yf, yg తో పోల్చు
   (y అంటే v, u, h, s లలో ఏదైనా)
```

నాలుగో గుంపు కూడా ఒకటుంది: పీడనం, ఉష్ణోగ్రత రెండూ ఇవ్వకుండా, v, u మాత్రమే ఇచ్చేవి. వాటికి ఒక ఉష్ణోగ్రత ఊహించి, సరిపోయేదాకా సవరించుకుంటూ పోవాలి. కాగితం మీద చేయించే పరీక్షల్లో ఇవి అరుదు, కాబట్టి షీటులో ఒక్క గీత చాలు.

మొదటి గుంపు తేలిక. 10 బార్, 300 డిగ్రీలు ఇచ్చారు. 10 బార్ దగ్గర శాచురేషన్ ఉష్ణోగ్రత 179.88. మూడు వందలు దానికన్నా ఎక్కువ కాబట్టి సూపర్ హీటెడ్ పేజీ తెరిస్తే ఎంథాల్పీ 3051.6 కిలోజౌళ్లు సూటిగా దొరుకుతుంది. ఈ గుంపులో ఒక చిక్కు ప్రశ్న ఉంది. 2 బార్, 120.21 డిగ్రీలు ఇచ్చి ఎంథాల్పీ అడిగితే జవాబు లేదు. మరుగుతున్నప్పుడు పీడనం చెబితే ఉష్ణోగ్రత చెప్పినట్టే, అవి రెండు విలువలు కావు. ఎంథాల్పీ 504.71 నుంచి 2706.3 దాకా ఎంతైనా కావచ్చు. మూడో సమాచారం కోసం ప్రశ్నను మళ్లీ చదవాలని షీటులో రాసి ఉండాలి. తరచుగా అది మాటల్లో దాగి ఉంటుంది: ‘పొడి సంతృప్త ఆవిరి’ అన్నారంటే x విలువ 1 అని, ‘సంతృప్త ద్రవం’ అన్నారంటే సున్నా అని.

ఇదే గుంపులో నీటి వైపు తేలితే ఏం చేయాలన్నది కాస్త నిదానంగా చూడాలి. 50 బార్, 80 డిగ్రీల నీరు. 50 బార్ దగ్గర మరిగేది 263.94 డిగ్రీల దగ్గర, కాబట్టి ఇది కంప్రెస్డ్ లిక్విడ్. చిన్న పుస్తకాల్లో దీనికి వేరే పట్టిక ఉండదు. నీటి మీద పీడనం ప్రభావం బహు తక్కువ గనుక అదే ఉష్ణోగ్రత దగ్గరి f విలువ వాడమని లెక్చరర్ చెబుతారు. ఇక్కడ విద్యార్థులు పీడనం వరుసలోకి పోతారు. 50 బార్ దగ్గర hf వెయ్యికి పైగా ఉంటుంది, జవాబు మూడింతలు తప్పుతుంది. వెళ్లాల్సింది ఉష్ణోగ్రత పట్టికలో 80 డిగ్రీల వరుసకు. అక్కడ hf 335.02. అసలు విలువ 338.96. తేడా ఒక శాతం పైచిలుకు. పీడనం ఎక్కువైనప్పుడు ఎంథాల్పీకి చిన్న సవరణ చేస్తారు: నీటి స్పెసిఫిక్ వాల్యూమ్‌ను, పెరిగిన పీడనంతో గుణించి కలపడం.

```
h ≈ hf(T) + vf(T)·(P − Psat)
  = 335.02 + 0.001029 × (5000 − 47.4)
  = 340.1 kJ/kg
```

పీడనం కిలోపాస్కళ్లలో వేయాలి, ఒక బార్ అంటే నూరు. సవరణతో తేడా 0.34 శాతానికి తగ్గింది. సున్నా కాలేదు, ఈసారి కొంచెం ఎక్కువ చూపించింది. పవర్ ప్లాంట్‌లో నీటిని బాయిలర్ పీడనానికి తోసే ఫీడ్ పంపు పని లెక్కకట్టేటప్పుడు ఈ సవరణ పదమే మొత్తం జవాబు. అందుకే దాన్ని అప్రధానమని కొట్టేయకుండా షీటులో రాసుకోవాలి.

రెండో గుంపులో ఆలోచించేది లేదు. x ఇచ్చారంటేనే తడి ఆవిరి అని చెప్పేశారు, సూత్రంలో వేయడమే.

మూడో గుంపు దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. మొదట అడిగిన ప్రశ్న ఇక్కడిదే: 2 బార్, 0.5 ఘనపు మీటర్లు. ఎవరికీ తోచనిది ఏమీ చేయక్కర్లేదు. 2 బార్ వరుస మీద వేలు పెట్టి, 0.5 ఎక్కడ పడుతుందో చూడాలి. f విలువ 0.001061, g విలువ 0.88578. మధ్యలో పడింది కాబట్టి తడి ఆవిరి. అయితే ఉష్ణోగ్రత 120.21 అని అప్పుడే తేలిపోయింది. ఇంకేం, x కట్టి ఎంథాల్పీ తీయాలి.

```
x = (0.5 − 0.001061) / (0.88578 − 0.001061) = 0.564
h = 504.71 + 0.564 × 2201.6 ≈ 1746 kJ/kg
```

ఇప్పుడు ప్రశ్నలో ఒకే అంకె మారుద్దాం. 0.5 బదులు 1.0. వేలు అదే వరుస మీద ఉంది. ఈసారి విలువ g ని దాటింది, కాబట్టి సూపర్ హీటెడ్. 2 బార్ సూపర్ హీటెడ్ పేజీలో 150 డిగ్రీల దగ్గర 0.95986, 200 దగ్గర 1.08049. మన 1.0 ఈ రెండిటి మధ్య మూడో వంతు దూరంలో ఉంది. ఉష్ణోగ్రత సుమారు 166.6 డిగ్రీలు, ఎంథాల్పీ 2803. పైనున్న x సూత్రంలో ఇదే 1.0 వేసి ఉంటే 1.13 వచ్చేది. ద్రవ్యరాశిలో వంతు ఒకటిని మించదు. x ఒకటి దాటినా, సున్నా కన్నా తగ్గినా లెక్కలో కూడికల పొరపాటు వెతుక్కోవద్దు, పేజీ తప్పు తెరిచామని అర్థం. షీటులో ఈ ఒక్క గీతను ఎర్ర సిరాతో రాసుకోవడం దండగ కాదు.

మూడో మార్పు: 2 బార్, ఎంథాల్పీ 400. f విలువ 504.71 కన్నా తక్కువ, కాబట్టి నీరే. ఉష్ణోగ్రత కావాలంటే hf నాలుగు వందలయ్యే చోటు వెతకాలి. 95 డిగ్రీల దగ్గర 398.09, నూరు దగ్గర 419.17. కాబట్టి 95.5 కాస్త అటూ ఇటూ. మూడు ప్రశ్నలూ ఒకే వరుసలో మొదలై మూడు పేజీలకు దారి తీశాయి. మూడింటినీ షీటులో పక్కపక్కనే రాసుకుంటే పోల్చడం అనే మెట్టు చేతికి అలవాటవుతుంది. వేర్వేరు పీడనాలతో మూడు ఉదాహరణలు తీసుకుంటే అంకెల గోలలో ఆ పోలిక కనిపించదు. షీటు రాసేవాళ్లు సాధారణంగా టెక్స్ట్ బుక్ ఉదాహరణలనే దించేస్తారు గానీ, ఈ పనికి అవి అంతగా సరిపోవు.

ఒక స్థితి కనుక్కోవడం వరకే షీటు ఉంటే అది సగం షీటు. అసలు ప్రశ్నల్లో ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మార్పు జరుగుతుంది, రెండో స్థితికి ఒకే విలువ ఇచ్చి ఊరుకుంటారు. రెండోది మార్పు జరిగిన తీరులో దాగి ఉంటుంది. గట్టి గోడల ట్యాంకు అంటే v మారదు. పిస్టన్ తేలుతున్న సిలిండర్ అంటే P మారదు. ఆదర్శ టర్బైన్, వేడి బయటికి పోనిది అంటే s మారదు. వాల్వ్ గుండా పీడనం పడిపోవడం అంటే h మారదు. ఈ నాలుగు మాటలూ ఒక పక్కన రాసుకుంటే, రెండో స్థితి కూడా పై మూడు గుంపుల్లో ఏదో ఒకదాని కిందికే వస్తుంది.

ట్యాంకు లెక్క ఒకటి పూర్తిగా చేసి చూద్దాం. గట్టి ఉక్కు ట్యాంకులో 10 బార్, 300 డిగ్రీల ఆవిరి నింపి మూత బిగించారు. చల్లారుతూ నూరు డిగ్రీలకు దిగింది. లోపల ఏముంది, కిలోకు ఎంత వేడి బయటికి పోయింది?

మొదటి స్థితి ఒకటో గుంపు. సూపర్ హీటెడ్ పేజీలో v 0.25799, అంతర్గత శక్తి u 2793.7. ఆవిరి ఎంత చల్లారినా ట్యాంకు పెరగదు, తరగదు. కాబట్టి రెండో స్థితికి ఉష్ణోగ్రత నూరు, v 0.25799. ఇది మూడో గుంపు. ఇక్కడే పెద్ద తప్పు జరుగుతుంది. పీడనం 10 బార్ అలాగే ఉందనుకుని, 10 బార్, నూరు డిగ్రీలు కాబట్టి అంతా నీరే అని రాసేస్తారు. ట్యాంకులో పీడనాన్ని ఎవరూ పట్టి ఉంచలేదు, ఆవిరి చల్లారే కొద్దీ అదీ పడిపోతుంది. నూరు డిగ్రీల వరుసలో f విలువ 0.001043, g విలువ 1.6720. మన విలువ మధ్యలో పడింది, తడి ఆవిరి. పీడనం 1.0142 బార్.

```
x  = (0.25799 − 0.001043) / (1.6720 − 0.001043) = 0.1538
u2 = 419.06 + 0.1538 × 2087.0 ≈ 740 kJ/kg
q  = u2 − u1 = 740 − 2793.7 ≈ −2054 kJ/kg
```

కిలోకు 2054 కిలోజౌళ్లు బయటికి పోయాయి. ట్యాంకులో పని ఏమీ జరగలేదు కాబట్టి u తేడా చాలు. ఇక్కడ h తేడా రాసేవాళ్లు ఉంటారు, అది పీడనం మారనప్పుడు చేసే పని. కొన్ని పుస్తకాల్లో u వరస అసలు ఉండదు. అప్పుడు h నుంచి Pv తీసేయాలి. మన రెండో స్థితికి h 766.1 వస్తుంది, అందులోంచి 101.42 ను 0.25799 తో గుణించిన 26.2 తీసేస్తే 740 మిగులుతుంది. సరిపోయింది.

x విలువ 0.154 అంటే ద్రవ్యరాశిలో 85 శాతం నీరైపోయింది. ఆ నీరు ట్యాంకులో ఎంత చోటు ఆక్రమిస్తుంది? 0.846 ను 0.001043 తో గుణించి, 0.25799 తో భాగిస్తే 0.0034. మూడొంతుల కన్నా ఎక్కువ సరుకు నీరైపోయినా, అది ట్యాంకు అడుగున మూడో వంతు శాతం చోటులో సర్దుకుంది. మూత తీసి చూస్తే ట్యాంకు దాదాపు ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. x ఘనపరిమాణంలో వంతు కాదని లెక్చరర్ బోర్డు తుడుస్తూ అన్న మాట ఇంతకన్నా స్పష్టంగా ఇంకెక్కడా కనబడదు.

ఇదే ట్యాంకులో మొదటి చుక్క ఎప్పుడు పడుతుందని అడగడం పరీక్షకులకు ఇష్టమైన కొసరు. v మారదు కాబట్టి vg విలువ 0.25799 అయ్యే ఉష్ణోగ్రత వెతకాలి. 165 డిగ్రీల దగ్గర 0.27244, 170 దగ్గర 0.24260. రెండిటి మధ్య సరిసగానికి కాస్త ముందే పడుతుంది, 167.4 డిగ్రీలు.

మధ్య విలువలు తీసే ఈ పనిని ఇంటర్‌పోలేషన్ అంటారు. దీన్ని షీటులో ఒక సూత్రంగా రాసి వదిలేస్తారు, కానీ ఎక్కడ చెల్లదో రాయరు. పట్టికలో పక్కపక్క అంకెల మధ్య గీత తిన్నగా ఉందనుకునే లెక్క ఇది. ఉష్ణోగ్రతతో ఎంథాల్పీ మారే తీరు దాదాపు తిన్ననే, ఇబ్బంది లేదు. పీడనంతో ఆవిరి ఘనపరిమాణం అలా కాదు, పీడనం రెట్టింపైతే చోటు దాదాపు సగమవుతుంది. 1 బార్ దగ్గర vg 1.6941, 2 బార్ దగ్గర 0.88578. 1.5 బార్‌కు సగటు తీస్తే 1.29 వస్తుంది. అసలు విలువ 1.1594. పదకొండు శాతం తప్పు! వివరమైన పట్టికలో 1.5 బార్ వరుస ఉంటుంది కాబట్టి బతికిపోతాం. వరుసలు పలచగా ఉన్న పుస్తకంలో అయితే v ని నేరుగా కాకుండా పీడనంతో గుణించిన Pv ని ఇంటర్‌పోలేట్ చేయాలి.

```
1 బార్   : Pv = 100 × 1.6941  = 169.41
2 బార్   : Pv = 200 × 0.88578 = 177.16
1.5 బార్ : v ≈ 173.28 / 150   = 1.155
```

తప్పు నాలుగు దశాంశ శాతం లోపుకు వచ్చేసింది. ఇంకో హద్దు కూడా ఉంది: స్థితి మారే గీతకు అటొక అంకె, ఇటొక అంకె తీసుకుని మధ్య విలువ కట్టకూడదు. 10 బార్ దగ్గర 190 డిగ్రీల ఎంథాల్పీ కావాలంటే కింది కొసగా 179.88 డిగ్రీల దగ్గరి hg 2777.1 తీసుకోవాలి, పై కొసగా 200 దగ్గరి 2828.3. జవాబు సుమారు 2803. కింది కొసగా 150 డిగ్రీల నీటి విలువ పెడితే వచ్చేది అంకె కాదు, అభాస.

షీటు అడుగున హెచ్చరికల్లో రెండు తప్పనిసరి. బాయిలర్ మీది గేజ్ చూపేది బయటి గాలికన్నా ఎంత ఎక్కువో అన్నది, పట్టికలు రాసేది మొత్తం పీడనానికి. గేజ్ మీద 9 బార్ అంటే పట్టికలో 10 బార్ వరుస. కలపడం మరిస్తే 179.88 డిగ్రీలకు బదులు 175.35 తీసుకుంటాం. ఇది బాయిలర్ దగ్గర చిన్న తేడాయే, కానీ కండెన్సర్ వైపు వాక్యూమ్ దగ్గర లెక్క పూర్తిగా తలకిందులవుతుంది.

రెండోది సున్నా ఎక్కడ అన్న సంగతి. నీటి పట్టికల్లో 0.01 డిగ్రీల దగ్గర, మంచు, నీరు, ఆవిరి మూడూ కలిసి ఉండే చోట, నీటి అంతర్గత శక్తిని సున్నా అనుకున్నారు. అది మనుషులు పెట్టుకున్న గుర్తే, ప్రకృతి పెట్టింది కాదు. ఆవిరి విలువల మీద దేశదేశాల పట్టికలు ఏకాభిప్రాయానికి రావడం కోసం 1929లో లండన్‌లో అంతర్జాతీయ సమావేశమే జరిగింది. పరిశ్రమలు ఇప్పుడు వాడే సమీకరణాలు 1997లో ఆమోదం పొందాయి. కాబట్టి నీటి పట్టికల మధ్య తేడాలు చివరి అంకెలోనే ఉంటాయి. ఫ్రిజ్‌లు, ఏసీల్లో వాడే ఆర్-134ఎ వాయువు పట్టికలు అలా కాదు. ఒక పుస్తకం మైనస్ నలభై డిగ్రీల ద్రవానికి ఎంథాల్పీ సున్నా పెడుతుంది, ఇంకో పుస్తకం సున్నా డిగ్రీల ద్రవానికి 200 పెడుతుంది. ఒక స్థితిని ఒక పుస్తకంలో, రెండో స్థితిని ఇంకో పుస్తకంలో చూస్తే తేడా ఏదో వస్తుంది, దానికి అర్థం ఉండదు. ఒక లెక్కకు ఒకే పుస్తకం.

షీటు పూర్తయ్యాక దాన్ని పరీక్షించడానికి మంచి మార్గం పట్టికనే వాడటం. సూపర్ హీటెడ్ పేజీలో ఒక అంకె ఎంచుకుని, పీడనం, ఎంథాల్పీ మాత్రమే కాగితం మీద రాసి, పుస్తకం మూసేసి, షీటు చెప్పిన మెట్లు మాత్రమే తొక్కుతూ ఉష్ణోగ్రత తీయాలి. అచ్చులో ఉన్న అంకె రాకపోతే షీటులో ఏదో మెట్టు తప్పిపోయింది. విశ్వవిద్యాలయం అనుమతించిన స్టీమ్ టేబుల్స్ పుస్తకం పరీక్ష హాల్లోకి వెళ్తుంది, ఈ షీటు వెళ్లదు. అందుకని ఇది సాధన చేసే కాలానికే. మెట్లు చేతికి వచ్చాక దీన్ని తీసి చూడాల్సిన పని కూడా పడకపోవచ్చు.

చివరిగా, షీటు మొదటి ప్రశ్నే పనిచేయని చోటు ఒకటి ఉంది. పీడనం పెరిగే కొద్దీ f, g విలువలు ఒకదానికొకటి దగ్గరవుతూ వచ్చి, 220.6 బార్, సుమారు 374 డిగ్రీల దగ్గర కలిసిపోతాయి. అదే క్రిటికల్ పాయింట్. ఆపైన మరగడమే లేదు. నీరు ఆవిరిగా మారే గీత ఉండదు, శాచురేషన్ ఉష్ణోగ్రత ఉండదు, x కు అర్థం ఉండదు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గరి దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలోని 800 మెగావాట్ల యూనిట్లు ఈ సూపర్ క్రిటికల్ పీడనం మీదే నడుస్తాయి. అలాంటి యూనిట్ లెక్క వస్తే, బాయిలర్ వైపు పోల్చడం మానేసి పీడనం, ఉష్ణోగ్రతలతో నేరుగా సూపర్ హీటెడ్ పేజీకి వెళ్లాలి. టర్బైన్‌లో వ్యాకోచించి పీడనం 220.6 బార్ కిందికి దిగాక మళ్లీ మూడో గుంపు: s మారలేదనుకుని, కండెన్సర్ పీడనం వరుసలో sf, sg మధ్య వేలు పెట్టి చూడాలి.